దిద్దడం

పరీక్ష పేపర్ల గురించి నరసరావుపేటలో ఎవరు మాట్లాడినా ఒకే మాట వాడతారు. "పేపర్లు దిద్దుతున్నాం", "ఇంకా దిద్దలేదంట", "ఆ సారు గట్టిగా దిద్దుతాడు". వాల్యుయేషన్ సర్క్యులర్లలో ఉండే మాట. మూల్యాంకనం పత్రికల్లో కనిపించే మాట. ఇంట్లోనూ స్టాఫ్ రూములోనూ టీ కొట్టు దగ్గరా మాత్రం దిద్దడమే. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, ఇప్పుడు విదేశాలకు వెళ్ళేవాళ్ళకు ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ నేర్పుతున్న నేనూ ఆ మాటే వాడుతూ వచ్చాను. ఆ మాట నా చెయ్యి పట్టుకుని ఎటు నడిపిస్తున్నదో నాకు తెలియడానికి, గురజాల వైపు నుంచి వచ్చిన ఒక నర్సు రాసిన వ్యాసం కావలసి వచ్చింది.

ముందు మాట సంగతి చూద్దాం. దిద్దు అచ్చమైన ద్రావిడ క్రియ. కన్నడంలో తిద్దు, పాత కన్నడంలో తిర్దు, తమిళంలో తిరుత్తు. చక్కబరచడం, సరిచేయడం అన్నది మూడింటికీ ఉమ్మడి అర్థం. ఇంకో ఉమ్మడి గుణం కూడా ఉంది. తమిళ పంతుళ్ళు జవాబు పత్రాలను తిరుత్తుతారు, కన్నడ పంతుళ్ళు తిద్దుతారు, మనం దిద్దుతాం. మన దేశపు ఇంగ్లీషులో కూడా టీచర్లు "పేపర్ కరెక్షన్‌కు వెళ్తున్నాం" అంటారు. బ్రిటన్‌లో అదే పనిని మార్కింగ్ అంటారు. అంటే గుర్తు పెట్టడం. గుర్తు పెట్టడం వేరు, సరిచేయడం వేరు. మూడు భాషల పంతుళ్ళం కలిసి ఇంగ్లీషు మాటను కూడా మన క్రియ వైపు తిప్పుకున్నాం.

తెలుగులో దిద్దుకు సరిచేయడం ఒక్కటే అర్థం కాదు. పలక మీద అయ్యవారు 'అ' రాసిస్తే, పిల్లవాడు దాని మీదే బలపం పెట్టి, గీత లావెక్కి పలక తెల్లబడేదాకా తిప్పుతాడు. అది అక్షరాలు దిద్దడం. అద్దం ముందు అమ్మ బొట్టు దిద్దుకుంటుంది, పిల్ల కళ్ళకు కాటుక దిద్దుతుంది. దారి తప్పిన కాపురాన్ని చక్కదిద్దుతారు. గురజాడ 1910లో ఆంధ్రభారతిలో అచ్చువేసిన కథకు 'దిద్దుబాటు' అని పేరు పెట్టినప్పుడు ఆ మాట మనిషి నడతకు తగిలింది. ఒకరు వేసిన గీత మీద నడవడం, ఉన్నదానికి అందం పెట్టడం, వంకరను సరిచేయడం అనే మూడు పనులు ఈ ఒక్క క్రియలో ఉన్నాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలు వ్యాసంలో చేసే పనులూ, నేను ఎర్ర పెన్నుతో చేసే పనీ ఈ మూడే. ఐఈఎల్‌టీఎస్ పరీక్షకుడు వీటిలో ఒక్కటీ చేయడు.

అతడేం చేస్తాడో చెప్పాలి. రైటింగ్‌లో రెండు ప్రశ్నలు ఉంటాయి. రెండోది వ్యాసం. 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి. మొదటిదానికంటే దీని బరువు రెండింతలు. పరీక్షకుడు వ్యాసం మీద తప్పులు సరిచేయడు, పక్కన వ్యాఖ్య రాయడు. అతని దగ్గర బ్యాండ్ వివరణల పట్టిక ఉంటుంది. నాలుగు నిలువు గడులు: అడిగినదానికి జవాబు, పొందిక, పదసంపద, వ్యాకరణం. సున్నా నుంచి తొమ్మిది దాకా అడ్డ వరసలు. ఒక్కొక్క గడిలో ఆ మెట్టు మీద ఉన్న రాత ఎలా ఉంటుందో రెండు మూడు వాక్యాల్లో రాసి ఉంటుంది. వ్యాసం చదివి, ఏ వర్ణన దీనికి సరిపోతుందో చూసి, నాలుగింటికి నాలుగు అంకెలు వేస్తాడు. నాలుగింటికీ సమానమైన విలువ. ఇలా నాలుగు చూపులు విడివిడిగా చూసే పద్ధతి రైటింగ్ మొత్తానికీ 2005 నుంచి అమల్లో ఉంది. ఆ వర్ణనల బహిరంగ ప్రతిని 2023లో మళ్ళీ సవరించి పెట్టారు. ఎవరైనా చదువుకోవచ్చు.

ఇంగ్లీషు ఎగ్జామినేషన్‌కు లాటిన్‌లో ఉన్న మూలం ఎగ్జామెన్. త్రాసు ముల్లు అని దాని అర్థాల్లో ఒకటి. మన పరీక్ష సంస్కృతం నుంచి వచ్చింది. పరి అంటే చుట్టూ, ఈక్ష అంటే చూడటం. ఒకటి తూకం, ఒకటి చుట్టూ తిరిగి చూడటం. నాలుగు గడుల పట్టికకు ఈ రెండు మాటలూ సరిగ్గా అమరుతాయి. దిద్దడం అమరదు. ఇంత చిన్న సంగతి నాకు ఎందుకు తట్టలేదంటే, రోజూ వాడే మాట లోపలికి ఎవరూ తొంగి చూడరు గనుక.

ఇక ఆ వ్యాసం. ఆ అమ్మాయి నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి, పొద్దున ఎనిమిదికి దిగి, తొమ్మిదికి నా దగ్గర కూర్చునేది. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే వినడం, చదవడం, మాట్లాడటంలో 7, రైటింగ్‌లో ఆరున్నర రావాలి. రైటింగ్‌కు కూడా 7 అడిగేవాళ్ళు, 2018 డిసెంబరులో ఆరున్నరకు దించారు. మిగతా మూడూ ఆమెకు వచ్చేశాయి. రైటింగ్ దగ్గర ఆగిపోయింది. నేనిచ్చిన ప్రశ్న ఇది: నర్సులు, డాక్టర్లు పేద దేశాలు వదిలి ధనిక దేశాలకు వెళ్తున్నారు. దీనివల్ల కలిగే లాభాలు నష్టాలను మించిపోతాయా?

278 మాటలు, నాలుగు పేరాలు, పదిహేను వాక్యాలు రాసింది. మొదటి పేరా "నౌ ఎ డేస్"తో మొదలై, ఇది రెండు వైపులా పదునున్న కత్తి అని ముగిసింది. రెండో పేరా లాభాలు: జీతం, జీవన ప్రమాణం, కొత్త సంస్కృతి. మూడోది నష్టాలు: ఇంటి బెంగ, చలి, ఇక్కడ నర్సుల కొరత. నాలుగోదానిలో లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి అని ముగింపు. నేను ఎర్ర పెన్ను తీసి దిద్దాను. పీపుల్స్, ఇన్ఫర్మేషన్స్, డిస్కస్ ఎబౌట్, పడిపోయిన ఆర్టికల్స్, ఏకవచనానికి బహువచన క్రియ, అన్నీ కలిపి 31 చోట్ల. కాగితం ఎర్రబడింది. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, ఒక్క తప్పు లేకుండా ఫెయిర్ కాపీ రాసుకొచ్చింది.

"ఇప్పుడు ఆరున్నర వస్తదా సార్?"

పట్టిక ముందు పెట్టుకుని రెండు కాగితాలకూ అంకెలు వేశాను. నేను వేసేవి సాధన కోసం వేసే అంచనాలే, అసలు అంకె పరీక్షకుడిదే. మొదటి కాగితానికి జవాబు 5, పొందిక 5, పదసంపద 6, వ్యాకరణం 5. మొత్తం 21, నాలుగుతో భాగిస్తే ఐదుంబావు. ఫెయిర్ కాపీకి జవాబు 5, పొందిక 5, పదసంపద 6, వ్యాకరణం 7. మొత్తం 23, అంటే పావు తక్కువ ఆరు. 31 తప్పులు తీసేస్తే పెరిగింది అర బ్యాండు. ఆ పెరిగిన వ్యాకరణమైనా ఆమెది కాదు, నాది. విజయవాడలో పరీక్ష గదిలోకి అది ఆమెతో రాదు.

అంకెలు రాసిన కాగితం ఆమె చాలాసేపు చూసింది. "మరి ఇన్ని తప్పులు దిద్దారు గదా సార్, అవేం లెక్కలోకి రావా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

వస్తాయి, కానీ వేరే లెక్కలోకి వస్తాయి. వ్యాకరణం గడిలో ఏడో మెట్టు దగ్గర ఉన్న వర్ణన తప్పులనే కాదు, తప్పు లేని వాక్యాలను కూడా చూడమంటుంది. అవి తరచుగా కనిపిస్తే ఏడు. ఎక్కువ భాగం అవే అయి, రకరకాల వాక్య నిర్మాణాలు కూడా ఉంటే ఎనిమిది. ఎర్ర పెన్నుకు తప్పు లేని వాక్యం కనపడదు, దాని మీద దిద్దడానికి ఏమీ ఉండదు కాబట్టి. ఆ రోజు మొదటి కాగితాన్ని మళ్ళీ తీసి, ఒక్క తప్పూ లేని వాక్యం పక్కన పెన్సిలుతో టిక్కు పెడుతూ వెళ్ళాను. పదిహేనింటిలో మూడు. 31 తప్పులు ఒక్కొక్క వాక్యంలో రెండూ మూడూ చొప్పున పరుచుకుని ఉన్నాయి. అవే 31 తప్పులు ఐదారు పెద్ద వాక్యాల్లో పోగుపడి, తక్కినవి శుభ్రంగా ఉండి ఉంటే పరీక్షకుడి కంటికి అది వేరే రాత. తప్పుల సంఖ్య ఒకటే, మెట్టు వేరు. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా నేను మొదట చేసే పని ఈ టిక్కులే. తరచుగా అంటే ఎన్ని అని పట్టిక చెప్పదు. దాని బలమూ బలహీనతా అక్కడే ఉన్నాయి. అంకె చెప్పి ఉంటే పిల్లలు అంకె కోసం చిన్న చిన్న వాక్యాలు రాసేవాళ్ళు. చెప్పనందువల్ల ఒకే కాగితానికి ఇద్దరు పంతుళ్ళు అటూ ఇటూ వేసే వీలుంది. పరీక్షకులకు శిక్షణ ఇచ్చి, తిరిగి తిరిగి పరీక్షించి, చూపులు కలిపేది అందుకే.

పదసంపద దగ్గర దిద్దు తాలూకు రెండో అర్థం పనిచేస్తుంది. బొట్టు దిద్దినట్టు మాటలు దిద్దడం. ఆమె కాగితంలో "ప్లెథోరా ఆఫ్ షార్టేజ్" అని ఒకచోట ఉంది. ఎవరో ఇచ్చిన పెద్ద మాటల జాబితాలోంచి తెచ్చి పెట్టింది. ప్లెథోరా గ్రీకు నుంచి వచ్చిన మాట, నిండి పొంగడం అని అర్థం. ఒంట్లో రక్తం ఎక్కువై పోటెత్తే స్థితికి వైద్యులు వాడిన పేరు. నర్సుకు ఈ సంగతి చెబితే పకాలున నవ్వింది. కొరత పొంగిపొర్లుతున్నదని రాసుకుంది మరి. నేను ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి "సివియర్ షార్టేజ్" అని రాశాను. తప్పు పోయింది గానీ ఆమెకు వచ్చిందేమీ లేదు. ఆ రోజు నేను అడగవలసింది ఇంకొకటి. వార్డులో మనుషులు చాలకపోతే మీరేమంటారమ్మా అని అడిగి ఉంటే, "అండర్‌స్టాఫ్డ్" అని వెంటనే చెప్పేది. తర్వాత అడిగినప్పుడు అలాగే చెప్పింది. "హ్యాండోవర్", "నైట్ షిఫ్ట్", "పేషెంట్ లోడ్" ఇవన్నీ ఆమె రోజూ సరైన చోట, సరైన మాట పక్కన పెట్టి వాడే మాటలు. ఏడో మెట్టు అడిగేది అదే: అంత మామూలు కాని మాటను, ఏ మాట పక్కన అది ఇముడుతుందో తెలిసి వాడటం. కొత్త బొట్టు కొనుక్కురానక్కరలేదు.

పొందిక దగ్గర మొదటి అర్థం. పలక మీద ఒకరు రాసిచ్చిన అక్షరం మీద దిద్దడం. మార్కెట్లో దొరికే మూసల్లో ప్రతి పేరాకూ మొదలు, మధ్య, చివర సిద్ధంగా ఉంటాయి. ఫర్‌దర్‌మోర్, మోర్‌ఓవర్, ఆన్ ది అదర్ హ్యాండ్, ఇన్ ఎ నట్‌షెల్. మధ్య ఖాళీలో విషయం నింపితే చాలు. పలక మీద అక్షరం దిద్దిన పిల్లవాడికి అక్షరం వస్తుంది. మూస మీద దిద్దినవాడికి వ్యాసం రాదు, ఎందుకంటే ప్రశ్న మారినప్పుడు గీత మారాలి. కోహెరెన్స్, కోహీషన్ రెండూ లాటిన్‌లో అంటుకుని ఉండటం అనే ఒకే క్రియ నుంచి పుట్టినా, పట్టిక వాటిని విడదీసి చూస్తుంది. ఒకటి ఆలోచన ఆలోచనకు అంటుకోవడం, ఇంకొకటి వాక్యం వాక్యానికి అంటుకోవడం. మొదటిదానికి మనకు పొందిక ఉంది, పొందు నుంచి వచ్చిన చక్కటి మాట. రెండోదానికి అతుకు అంటే సరిపోతుంది. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి పరిచే మేస్త్రీలను చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. బండ అంచులు చెక్కి కూర్చితే సందులో సిమెంటు సన్నగీతలా ఉంటుంది. అంచులు కూడకపోతే సందు నిండా సిమెంటు పోస్తారు, గచ్చంతా సిమెంటే కనిపిస్తుంది. ఆమె వ్యాసంలో పదిహేను వాక్యాలకు పదకొండు అతుకు మాటలున్నాయి. జీతం గురించిన వాక్యానికీ కొత్త సంస్కృతి గురించిన వాక్యానికీ మధ్య మోర్‌ఓవర్ ఉంది, సంబంధం లేదు. అతుకులు ఎక్కువైతే ఐదో మెట్టు. యాంత్రికంగా ఉన్నా పని జరిగిపోతే ఆరు.

ఇక మిగిలింది మొదటి గడి, అడిగినదానికి జవాబు. దిద్దు అనే మాటలో ఎన్ని పొరలు విప్పినా దీనికి చోటు దొరకదు. రాసిందాన్ని సరిచేయవచ్చు, అలంకరించవచ్చు. రాయనిదాన్ని ఎవరు దిద్దగలరు? ఇంగ్లీషు రెస్పాన్స్ వెనుక తిరిగి మాట ఇవ్వడం అనే లాటిన్ అర్థం ఉంది. రెస్పాన్సిబిలిటీ దాని చెల్లెలు. మన భాషలోనూ జవాబు పక్కనే జవాబుదారీ ఉంది. ప్రశ్న లాభాలు చెప్పు, నష్టాలు చెప్పు అనలేదు. ఏది మించుతుంది అని అడిగింది. ఇంగ్లీషు మాట అవుట్‌వే, బరువులో మించడం. ఆమె రెండు తట్టల్లోనూ సరుకు వేసి, ముల్లు ఎటు మొగ్గిందో చెప్పకుండా త్రాసు దించేసింది. ముగింపులో లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి అనడం మర్యాద అవుతుంది గానీ జవాబు కాదు. ఆ వాక్యంలో ఒక్క వ్యాకరణ దోషమూ లేదు. నా ఎర్ర పెన్ను దాన్ని దాటిపోయింది. మొత్తం కాగితంలో ఆమెకు ఎక్కువ నష్టం చేసిన వాక్యం అదే.

"ఎటు మొగ్గుతుందమ్మా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. "మనం ఏదో ఒకటే చెప్తే తప్పనుకుంటారేమో సార్. చిన్నప్పటి నుంచి రెండు వైపులా రాయమన్నారు" అంది. నిజమే. మన పరీక్షల్లో నువ్వేమనుకుంటున్నావు అని అడిగింది తక్కువ. అడిగినా, పుస్తకంలో ఉన్న అభిప్రాయమే రాయాలని అందరికీ తెలుసు. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తనుండే వార్డులో రాత్రి ఇద్దరు నర్సులు. కిందటేడు ముగ్గురు ఉండేవాళ్ళు, ఒకామె ఐర్లండు వెళ్ళిపోయింది, ఆ స్థానంలో ఎవరూ రాలేదు. నర్సింగ్ చదువుకు తీసుకున్న అప్పు ఇంకా తీరలేదు, అందుకే తనూ వెళ్ళాలనుకుంటున్నది. తను వెళ్తే వార్డులో రాత్రికి ఒక్కరే మిగులుతారు. "వెళ్ళేవాళ్ళకు లాభమే సార్. ఉండిపోయే పేషెంట్లకు నష్టం. నష్టమే ఎక్కువ. అయినా నేను పోతా."

"అదే రాయి" అన్నాను.

మూడో కాగితం మర్నాడు తెచ్చింది. 261 మాటలు, పద్నాలుగు వాక్యాలు. మొదటి పేరాలోనే, వెళ్ళే నర్సుకు లాభం ఉన్నా, వదిలి వెళ్ళే ఊరికి కలిగే నష్టం దానికంటే బరువైనదని చెప్పేసింది. రెండో పేరా లాభం ఒక్కదాని గురించే, అప్పు తీరడం. మూడో పేరా రాత్రి వార్డు గురించి: ముగ్గురి నుంచి ఇద్దరు అయితే మందుల వేళలు ఎలా జరిగిపోతాయో, ఒక పేషెంటు దగ్గర ఉండగా ఇంకొకరి బెల్ మోగితే ఏమవుతుందో. నాలుగోది రెండు వాక్యాలు, అదే మాటకు తిరిగి వచ్చి ఆగింది. నట్‌షెల్ లేదు. మోర్‌ఓవర్ ఒక్కచోట ఉంది, అక్కడ అక్కరకు వచ్చింది. పదిహేడు తప్పులున్నాయి. ఆర్టికల్స్ మళ్ళీ పడిపోయాయి. తప్పు లేని వాక్యాలు ఆరు.

జవాబు 7. పొందిక 6. పదసంపద 6. వ్యాకరణం 6. మొత్తం 25, సగటు ఆరుంబావు. ఒక్క తప్పూ లేని ఫెయిర్ కాపీ కంటే, పదిహేడు తప్పులున్న ఈ కాగితం అర బ్యాండు పైన నిలబడింది. ఆరున్నరకు ఇది చాలుతుందని నమ్మకంగా చెప్పలేను. మొదటి ప్రశ్నలో ఆమెకు ఆరున్నర వచ్చినా, రెండింతల బరువున్న ఈ వ్యాసమే మొత్తాన్ని కిందికి లాగుతుంది. వ్యాకరణం ఒక మెట్టు ఎక్కడానికి నెలలు పడుతుంది. పొందిక అంత దూరం కాదు. మూడో పేరాలో రెండు సంగతులు కలిసిపోయాయి. మందుల వేళల నుంచి బెల్లు దగ్గరికి వెళ్ళేచోట ఒక వాక్యం దూకింది. ఆ దూకిన చోట పెన్సిలుతో చిన్న అడ్డగీత పెట్టి, తప్పు లేని ఆరు వాక్యాల పక్కన ఆరు టిక్కులు పెట్టి ఇచ్చాను.

కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏంది సార్, ఇది దిద్దలేదా?"

"చదివానమ్మా" అన్నాను. ఆ గీత దగ్గర ఏమి జరిగిందో ఇద్దరం కలిసి చూడటానికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.